ప్రధాన సంఖ్యల పరీక్షలో పాటించకూడని నాలుగు చిట్కాలు

లెక్కల్లో 'అయితే' అన్న మాటతో కట్టిన వాక్యాన్ని ఎటు తిప్పినా అర్థం చెడదనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ నమ్మకం నుంచి పుట్టిన చిట్కాలు నాలుగు ఇక్కడ ఇస్తున్నాను. ప్రతిదాని కిందా అది ఎక్కడ దారి తప్పిందో, దాని బదులు ఏం చేయాలో ఉంటుంది. నాలుగింటికీ ఒకే వాక్యం చాలు. 1640లో ఫెర్మా చెప్పిన సిద్ధాంతంలో ఇది ఒక భాగం:

n ప్రధాన సంఖ్య అయితే, 2ⁿ − 2 ను n నిశ్శేషంగా భాగిస్తుంది.

7 తీసుకోండి. 2⁷ − 2 అంటే 126, అది 7 × 18. 11 తీసుకుంటే 2046, అది 11 × 186. ఈ వాక్యం నుంచి మరో మూడు వాక్యాలు తయారవుతాయి. రెండు ముక్కలనూ తారుమారు చేస్తే విపర్యయం: 'భాగిస్తే, ప్రధాన సంఖ్య'. రెండింటికీ 'కాదు' చేర్చి వరస మార్చకపోతే విలోమం: 'ప్రధాన సంఖ్య కాకపోతే, భాగించదు'. తారుమారూ చేసి, 'కాదు' కూడా చేరిస్తే ప్రతివర్తితం: 'భాగించకపోతే, ప్రధాన సంఖ్య కాదు'.

చిట్కా 1: "సిద్ధాంతం నిజమే కదా, తిప్పి వాడుకోండి. భాగిస్తే అది ప్రధాన సంఖ్యే."

ఈ చిట్కా చాలా దూరం నడుస్తుంది కాబట్టే ప్రమాదం. 2 నుంచి 340 వరకు ఏ సంఖ్యను పరీక్షించినా ఇది సరైన జవాబే ఇస్తుంది. 341 దగ్గర కూలిపోతుంది. దీన్ని 1819లో సారూస్ అనే ఫ్రెంచి గణితవేత్త చూపించాడు.

మీరే చేసి చూడండి. 2¹⁰ అంటే 1024. 341 × 3 = 1023. కాబట్టి 2¹⁰ ను 341తో భాగిస్తే శేషం 1. 2³⁴⁰ అంటే 2¹⁰ ను 34 సార్లు గుణించడం. శేషం మళ్లీ 1 గానే ఉంటుంది. ఇంకొక్క 2తో గుణిస్తే 2³⁴¹ కు శేషం 2. అందులోంచి 2 తీసేస్తే మిగిలేది సున్నా. అంటే 2³⁴¹ − 2 ను 341 నిశ్శేషంగా భాగిస్తుంది. కానీ 341 = 11 × 31.

ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే సిద్ధాంతం ఎలా రుజువవుతుందో చూడాలి. (1 + x)ⁿ ను విస్తరించినప్పుడు వచ్చే ద్విపద గుణకాల్లో మొదటి 1, చివరి 1 వదిలేసి మిగతావన్నీ కూడితే సరిగ్గా 2ⁿ − 2 వస్తుంది. n ప్రధాన సంఖ్య అయితే ఆ మధ్య గుణకాల్లో ప్రతి ఒక్కదాన్నీ n భాగిస్తుంది, కాబట్టి మొత్తాన్నీ భాగిస్తుంది. తిరుగు ప్రయాణంలో మన చేతిలో ఉన్నది మొత్తం మాత్రమే. విడివిడిగా భాగించబడని గుణకాలు కూడా కలిసి భాగించబడే మొత్తాన్ని ఇవ్వగలవు. 341 విషయంలో జరిగింది అదే. మధ్య గుణకాల్లో ఒకటైన C(341, 11)ను 11 కూడా భాగించదు. ఎందుకంటే దాని లవంలో ఉన్న 341 నుంచి 331 వరకు సంఖ్యల్లో 11కు గుణిజం 341 ఒక్కటే, ఆ 11 కాస్తా హారంలోని 11తో కొట్టుకుపోతుంది. కూడినప్పుడు ఈ లోపం కనబడకుండా పోయింది.

చిట్కా 2: "తిప్పడం తప్పైతే తిప్పకండి. రెండు పక్కలా 'కాదు' పెట్టండి చాలు. ప్రధాన సంఖ్య కాకపోతే భాగించదు."

వరస మారలేదు కాబట్టి ఇది మూలవాక్యానికి దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తుంది. అది నిజం కాదు. ఏ వాక్యం గురించైనా వేయాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎలాంటి సంఖ్య దొరికితే ఇది అబద్ధమవుతుంది?

విపర్యయాన్ని పడగొట్టాలంటే, భాగిస్తూ కూడా ప్రధాన సంఖ్య కానిది దొరకాలి. విలోమాన్ని పడగొట్టాలంటే, ప్రధాన సంఖ్య కాకుండానే భాగించేది దొరకాలి. రెండూ అడిగేది ఒకే సంఖ్యను. 341 ఆ రెండింటినీ ఒకే దెబ్బతో పడగొడుతుంది. విపర్యయం, విలోమం ఒకదానితో ఒకటి సమానార్థకాలు; మూలవాక్యంతో కాదు.

అదే ప్రశ్న మిగతా రెండింటికీ వేయండి. మూలవాక్యాన్ని పడగొట్టేది, ప్రధాన సంఖ్య అయ్యుండి కూడా భాగించనిది. ప్రతివర్తితాన్ని పడగొట్టేదీ అదే. మూలవాక్యం రుజువైంది కాబట్టి అలాంటి సంఖ్య లేనే లేదు. కనుక ప్రతివర్తితానికి వేరే రుజువు అక్కర్లేదు.

చిట్కా 3: "కారణాంకం చూపించనిదే ఏ సంఖ్యనూ సంయుక్త సంఖ్య అనకండి."

ప్రతివర్తితం చేతిలో ఉన్నవాడికి ఈ కట్టుబాటు లేదు. 91 తీసుకుందాం. 2¹² = 4096, 91 × 45 = 4095. శేషం 1. 91లో 12 ఏడుసార్లు పోగా 7 మిగులుతుంది, కాబట్టి 2⁹¹ శేషమూ 2⁷ శేషమూ ఒకటే. 128 నుంచి 91 తీస్తే 37. 91 ప్రధాన సంఖ్యే అయ్యుంటే ఇక్కడ 2 రావాలి. రాలేదు, కాబట్టి 91 సంయుక్త సంఖ్య. 7 × 13 అని మనం ఎక్కడా వాడలేదు.

పెద్ద సంఖ్యల దగ్గర దీని బలం తెలుస్తుంది. 2¹²⁸ + 1 అనే 39 అంకెల సంఖ్య సంయుక్తమని 1905లో మోర్‌హెడ్, వెస్టర్న్ విడివిడిగా తేల్చారు. వాళ్లు వాడింది 3 ఘాతాలతో చేసే పెపాన్ పరీక్ష. తర్కం మాత్రం ఇదే: ప్రధాన సంఖ్య అయితే ఫలానా శేషం రావాలి, రాలేదు, కాబట్టి కాదు. దాని కారణాంకాలు బయటపడింది 1970లో, మోరిసన్, బ్రిల్‌హార్ట్‌ల చేతుల్లో. మధ్యలో 65 ఏళ్లపాటు కారణాంకం తెలియకపోయినా తీర్పులో అనుమానం లేదు.

చిట్కా 4: "341 లాంటివి అరుదు. 2 మోసం చేస్తే 3తో, 5తో పరీక్షించండి. అన్నీ నెగ్గితే ప్రధాన సంఖ్యే."

అరుదన్న మాట నిజం. వెయ్యి లోపు 168 ప్రధాన సంఖ్యలుంటే, 2తో చేసే పరీక్షను మోసగించేవి మూడే: 341, 561, 645. అయినా అరుదైనంత మాత్రాన విపర్యయం రుజువైపోదు. పరీక్ష నెగ్గిన సంఖ్యను 'బహుశా ప్రధాన సంఖ్య' అనవచ్చు, అంతకు మించి అనకూడదు. ఇక 561 (3 × 11 × 17) ఏ ఆధారానికీ లొంగదు: a ఏ పూర్ణసంఖ్య అయినా a⁵⁶¹ − a ను 561 భాగిస్తుంది. ఇలాంటి సంఖ్యలు అనంతంగా ఉన్నాయని 1994లో రుజువైంది.

విపర్యయం కూడా నిజమయ్యే వాక్యం కావాలంటే, కూడినప్పుడు పోయినదాన్ని పోనివ్వకుండా పట్టుకోవాలి. 'మధ్య గుణకాల్లో ప్రతి ఒక్కదాన్నీ n భాగిస్తుంది' అన్న షరతు (n ≥ 2) ప్రధాన సంఖ్యలకు తప్ప మరి దేనికీ నెరవేరదు. 341ను పట్టిచ్చిన తర్కమే కొద్దిగా సాగదీస్తే ప్రతి సంయుక్త సంఖ్యకూ పనిచేస్తుంది. కాకపోతే గుణకాలన్నీ చూడటం అసాధ్యమైనంత పని. ఆ పనిని కుదించే ఉపాయాన్ని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనిపెట్టారు. వాళ్ల పరీక్ష 'అవును' అన్నా రుజువే, 'కాదు' అన్నా రుజువే. ఆ 'అవును' కోసం వాళ్లు విపర్యయాన్ని విడిగా రుజువు చేయాల్సి వచ్చింది. మూలవాక్యం దాన్ని ఉచితంగా ఇవ్వలేదు.