మొగుణ్ణి మార్చిన మౌస్

పెళ్లిచూపులు లేవు, పంతులు లేడు, ముహూర్తం అసలే లేదు. అయినా 2018 ఆగస్టులో కోదాడ ప్రాంతపు ఒక ఇల్లాలి పక్కకు తెలంగాణ సర్కారువారి ప్రకటన కొత్త భర్తను తెచ్చి నిలబెట్టింది. ఒక పథకం ప్రకటనలో ఆమె పక్కన కట్టుకున్నవాడే ఉన్నాడు. ఇంకో పథకం ప్రకటనకు వచ్చేసరికి ఆయన స్థానంలో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి. ఆమె మాత్రం రెండింట్లోనూ ఆమే. మౌస్ నాలుగుసార్లు నొక్కితే అయిపోయే పనికి ఏడడుగులు ఎందుకనుకున్నారేమో!

ఆ పథకాలేమిటో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఒకటి రైతు బీమా. రైతు చనిపోతే నామినీకి ఐదు లక్షలు ఇచ్చే పథకం. నామినీ పేరు తప్పు పడితే కుటుంబం ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే. ఆధార్‌లో ఒక అక్షరం తేడా వస్తే ఒప్పుకోని సర్కారు, ప్రకటనలో మనిషికి మనిషే తేడా వస్తే ఒప్పుకుంది. రెండోది కంటి వెలుగు. ఊరూరికీ వెళ్లి కళ్లు పరీక్షించి అద్దాలిచ్చే పథకం. ఆ ప్రకటన తయారు చేసినవాళ్లూ, సరే అన్నవాళ్లూ, అచ్చు వేసినవాళ్లూ ముందుగా ఆ శిబిరానికే వెళ్లివుంటే బాగుండేది.

గొడవయ్యాక తప్పు ఏజెన్సీలదని తేల్చి నోటీసులు ఇచ్చారు. ఊళ్లో నలుగురూ నవ్వుతున్నారని ఆ కుటుంబం వాపోయింది. నోటీసుకు జవాబు రాయడానికి ఏజెన్సీకి గుమాస్తా ఉంటాడు. ఊరి నవ్వుకు జవాబు చెప్పడానికి ఆ ఇంట్లో ఎవరున్నారు?

ఇలాంటప్పుడు వినిపించే సమర్థన ఒకటుంది: ‘అది ప్రతీకాత్మక చిత్రమండీ, ఎవరో ఒక రైతు కుటుంబం అన్నట్టు.’ బాగుంది. ఎవరో ఒక కుటుంబమే కావాలంటే బొమ్మ గీయించొచ్చు, నటులకు డబ్బిచ్చి నిలబెట్టొచ్చు. అలా చెయ్యరు. నిజమైన ఊరి మనిషి మొహమే కావాలి, ఎందుకంటే ఆ మొహంలో నమ్మకం ఉంది. ‘వీళ్లకు మేలు జరిగింది’ అని ఆ మొహం చేత సాక్ష్యం చెప్పిస్తారు. సాక్షిని నిజంగా తెచ్చి, సాక్ష్యాన్ని మాత్రం తామే రాసుకుంటారు. కోర్టులో ఈ పని చేస్తే దానికో సెక్షన్ ఉంది. పేపర్లో చేస్తే డిజైన్ అంటారు.

మరి ఫొటోలో మనిషిని కలపడమే నేరమా అంటే, కాదు. నల్లగొండలో, పాలమూరులో ఏ స్టూడియోకైనా వెళ్లండి, మిక్సింగ్ వాళ్లకు రోజువారీ పని. పెళ్లినాటికి బొంబాయిలో కూలిపనికి వెళ్లి ఇరుక్కున్న చిన్నాయనను గ్రూప్ ఫొటోలో కలుపుతారు. ఎప్పుడో పోయిన తాతను మనవడి పక్కన కూర్చోబెడతారు. గోడమీద ఆ ఫొటో చూసి ఎవరూ మోసపోరు. తాత లేడని ఇంట్లో అందరికీ తెలుసు, కలిపింది కూడా ఆ ఇంటివాళ్ల ముచ్చట కోసమే. ఆ ఫొటో ‘ఇది జరిగింది’ అనదు, ‘ఇలా జరిగుంటే బాగుండేది’ అంటుంది. వార్తాఫొటోకు ఆ సౌకర్యం లేదు. దాని కింద ఊరి పేరు, తేదీ ఉంటాయి. ఆ రెండూ పడ్డాక అందులోకి మనిషిని కలిపినా, అందులోంచి తీసినా తారీఖు వేసి మరీ అబద్ధం చెప్పినట్టే.

2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు ప్రధాని గాల్లోంచి వరదను చూస్తున్న ఫొటోను కేంద్రప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ విడుదల చేసింది. కిటికీలోంచి బయట మసకగా కనిపించే చోట, మునిగిన ఇళ్లు శుభ్రంగా కనిపించే వేరే దృశ్యాన్ని అతికించారు. జనం గుర్తుపట్టాక దాన్ని తొలగించి, రెండు ఫొటోలు కలిపామని ఒప్పుకున్నారు. వరద నిజం, ప్రధాని వెళ్లడం నిజం. రెండు నిజాలు కలిపి ఒక అబద్ధం చెయ్యొచ్చని నిరూపించడమే అక్కడ మిగిలింది.

‘చిన్న వస్తువు తీసేస్తే కొంపలేం మునుగుతాయి’ అనేవారికి ఫొటోగ్రాఫర్ నార్సిసో కాంట్రెరాస్ సంగతి చెప్పాలి. సిరియా యుద్ధంలో 2013లో ఆయన తీసిన ఒక ఫొటోలో తిరుగుబాటు యోధుడు ఉన్నాడు. ఒక మూలన తోటి విలేకరి వీడియో కెమెరా పడింది. పక్కనున్న నేలను కాపీ చేసి దాన్ని కప్పేశాడు. 2014 జనవరిలో విషయం బయటపడగానే అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ ఆయనతో తెగతెంపులు చేసుకుంది. మిగతా ఫొటోలన్నీ తనిఖీ చేస్తే వాటిలో మార్పులేమీ దొరకలేదు, అయినా అన్నింటినీ తన భాండారం నుంచి తీసేసింది. ఆయన అంతకుముందు ఏడాదే పులిట్జర్ బహుమతి పొందిన బృందంలో ఒకడు. అంత కఠినమెందుకంటే, ఆ మూలనున్న కెమెరా ‘ఈ యోధుడి ఎదుట విలేకరులున్నారు’ అని చెబుతోంది. అది పోతే అతను ఒంటరిగా ఉన్నట్టవుతుంది. ఇక ఒక్కసారి నేలను అతికించినవాడు ఇంకోసారి శవాన్ని అతికించడని పాఠకుడు ఎందుకు నమ్మాలి?

ఫొటో వెలుతురు కొంచెం పెంచడం, రంగు సరిచేయడం, అంచు కత్తిరించడం పత్రికల్లో ఒప్పుకున్న పనులే. కానీ కత్తిరింపును నమ్మి గుండెమీద చెయ్యేసుకుని పడుకోకండి. నల్లగొండ ఎన్జీ కాలేజీ మైదానంలో సభ పెట్టి ముందు వరుసలే నిండాయనుకోండి. వెనకాల ఖాళీ కుర్చీలను ఫ్రేములోంచి కోసేస్తే ఫొటోషాప్ తెరవకుండానే జనసంద్రం పుడుతుంది. అలా కోసినవాడు ఏ నిబంధనా తప్పలేదంటాడు. కుర్చీలను మాత్రం అడగడు.

అతుకు ఎక్కడుందో పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ముందు నీడలు చూడండి: ఒకరి ముక్కు నీడ ఎడమకు, పక్కవాడిది కుడికి పడితే ఆ ఇద్దరికీ ఇద్దరు సూర్యులున్నట్టు. తర్వాత జుట్టు అంచు, మెడ దగ్గర గీత, భుజం వెనక ఉండాల్సిన చెయ్యి. జనం గుంపుంటే మొహాలు రెండుసార్లు వస్తున్నాయేమో చూడండి. 2003లో ఇరాక్ యుద్ధం ఫొటోలో లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఫొటోగ్రాఫర్ బ్రయాన్ వాల్స్కీ అలాగే దొరికాడు. సైనికుడి సైగ ఒక ఫ్రేములో, జనం ఇంకో ఫ్రేములో బాగున్నాయని రెండూ కలిపాడు. వెనక కూర్చున్నవాళ్లు కొందరు రెండుచోట్ల కనిపించారు, ఉద్యోగం పోయింది. అయితే నేర్పుగా చేసిన అతుకు కంటికి చిక్కదు. అప్పుడు కెమెరాలోని అసలు ఫైలు, ముందూ వెనకా తీసిన ఫ్రేములు అడగడమే మార్గం. నిజంగా తీసినవాడి దగ్గర అవి ఉంటాయి.

ఎంత మార్చారన్నది కొలబద్ద కాదు. మొటిమ తుడిచినా, మొగుణ్ణి మార్చినా అడగాల్సిన ప్రశ్న ఒకటే: అసలు ఫొటోను పక్కనే అచ్చు వేసి, ‘దీన్ని ఇలా మార్చాం’ అని కింద రాయగలరా? రాయగలిగితే అది అలంకారం. రాయడానికి జంకితే అది మోసం, దానికి నోటీసు అందుకోవాల్సింది ఏజెన్సీ ఒక్కటే కాదు, సంతకం పెట్టిన అధికారీ, అచ్చు వేసిన పత్రికా కూడా.