దుర్గ చూడని రైలు

పథేర్ పాంచాలి అనగానే చాలామందికి తెల్లటి రెల్లుపూల మధ్య రైలు కోసం పరుగెత్తే అక్కాతమ్ముళ్లు దుర్గ, అపు కళ్లముందు మెదులుతారు. అది 1955లో సత్యజిత్ రాయ్ తీసిన సినిమాలోది. 1929లో పుస్తకంగా వచ్చిన విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ నవలలోనూ ఇద్దరూ రైలుపట్టాలు చూద్దామని ఊరు దాటి పరుగెడతారు. కానీ దారి తప్పి, పట్టాలైనా కనబడకుండానే ఇంటికొస్తారు. సినిమాలో రైలు వస్తుంది. నవలలో రాదు.

ఈ తేడా నాకు మొన్న మొన్నటిదాకా తెలీదు. ఆ నవల తెలుగు అనువాదాన్ని చిన్నప్పుడే, ఒక వేసవిలో, జంషెడ్‌పూర్ కద్మాలోని కంపెనీ క్వార్టర్లో, మా అప్ప చదువుతుంటే విన్నాను. శ్రీకాకుళం జిల్లా నుంచి ఉక్కు కార్ఖానా పనికొచ్చిన కుటుంబం మాది. నాకు హిందీ వచ్చినంత బాగా తెలుగు చదవడం వచ్చేది కాదు. ఆ వేసవి అయ్యాక నేను విశాఖపట్నంలో మావయ్యగారింట్లో ఉండి చదువుకోవాలని నిర్ణయమైంది కాబట్టి నా చెవిన కాస్త మంచి తెలుగు పడాలని నాన్న ఆరాటం. అప్ప ఇంటిపట్టునే ఉండేది. మధ్యాహ్నం అమ్మ నడుం వాల్చగానే పుస్తకం తీసేది. పక్కింటి బెంగాలీ మామ్మ, ఆ రచయిత చివరిరోజుల్లో ఉన్నదీ, 1950లో కన్నుమూసిందీ మన ఘాట్‌శిలాలోనే అని గొప్పగా చెప్పేది. టాటానగర్‌లో హౌరా వైపు రైలెక్కితే గంటలోపే ఆ ఊరు.

ఈ మధ్య జంషెడ్‌పూర్ వెళ్లినప్పుడు అదే నవల కొత్త ప్రతి చేతికి దొరికితే ఏకబిగిన చదివాను. చిన్నప్పుడు మామిడికాయలు, వానలో తడవడాలు, దుర్గ దొంగిలించిందన్న బంగారు భరిణె, ఇవే కథ అనుకున్నాను. ఇప్పుడు వేరే సంగతులు కనబడ్డాయి. అపు పంతులుగారి బడికి వెళ్తాడు, దుర్గ వెళ్లదు. తండ్రి వెంట శిష్యుల ఊరికి బయల్దేరేది అపు, దుర్గ కాదు. ఆ ప్రయాణంలోనే వాడు మొదటిసారి పట్టాలు దాటుతాడు. ఆ ఇంట్లో దుర్గ అంటే ఎవరికీ ప్రేమ లేక కాదు. తల్లి తిడుతుంది, కొడుతుంది, ఆ పిల్ల కోసమే గుండె పగిలేలా ఏడుస్తుంది. కానీ ఏది ఎవరికి దక్కాలో ఎవరూ కూర్చుని ఆలోచించకుండానే తేలిపోయి ఉంటుంది. విభూతిభూషణ్ మొదటి రాతప్రతిలో దుర్గే లేదని, భాగల్పూర్‌లో జుట్టు విరబోసుకున్న ఒక పల్లెటూరి పిల్లను చూశాక నవలంతా తిరగరాశారని చెబుతారు. ఆ పిల్ల లేని ఆ పుస్తకాన్ని నేను ఊహించలేను.

అన్నిటికన్నా నన్ను కదలనివ్వనిది ఒక చిన్న చోటు. జ్వరంతో మంచాన పడ్డ దుర్గ, తనకు నయమయ్యాక ఒకసారి రైలు చూపిస్తావా అని తమ్ముణ్ణి అడుగుతుంది. నయం కాదు. ఆ తర్వాత ఆ కుటుంబం ఊరు విడిచి వెళ్లేటప్పుడు అపు రైలెక్కుతాడు. దుర్గ అడిగిన మాట అప్పుడు వాడికి గుర్తొస్తుంది. నవలకు ప్రాణమంతా అక్కడే ఉంది. నాకు మాత్రం ఆ మాట చిన్నప్పుడు విన్న జ్ఞాపకమే లేదు.

ఎందుకు లేదో నాకు నేనే కారణం చెప్పుకున్నాను. తొమ్మిదేళ్లవాడికి సాహసాలు పడతాయి గానీ మంచం మీది మనిషి మెల్లగా అడిగేవి పట్టవు. పైగా తర్వాత చూసిన సినిమాలో రైలు పొగలు కక్కుతూ వచ్చేసింది కాబట్టి దుర్గకు కోరిక మిగిలిందని అనిపించనే లేదు. ఇదంతా ఆ సాయంత్రం అప్ప దగ్గర కూర్చుని చెప్పాను. పిల్లలు ఒక పుస్తకంలోంచి ఏం ఏరుకుంటారో, ఏం వదిలేస్తారో చూడు అన్నాను.

అప్ప చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విన్నది.

"నువ్వు వదిలెయ్యలేదురా. నేనే చదవలేదు."

"ఏం?"

"అప్పటికి నీకు రైలు టిక్కెట్టు తీసేశారు. నాకు బడి మాన్పించేశారు. ఆ మాట పైకి చదివితే నేను నిన్ను అడిగినట్టుంటుందని రెండు పేజీలు కలిపి తిప్పేశాను."