తొమ్మిది వందల తొంభై ఐదో నంబరు జలగ

చిన్నప్పుడు పదమూడో ఎక్కం తప్పితే మాస్టారు తొడపాశం పెట్టేవారు. నలభై మూడేళ్ల వయసులో ఆ పని ఫోను చేస్తోంది.

ఆఫీసులో సెక్యూరిటీ ప్లస్ పరీక్ష రాస్తే మంచిదన్నారు. ఆ 'మంచిది'లో ప్రమోషనుందో హెచ్చరికుందో అడిగే ధైర్యం లేక ఫీజు కట్టేశాను. 90 నిమిషాలు, 90 ప్రశ్నల దాకా, 900కి 750 రావాలి. పోర్టు నంబర్లు, ప్రోటోకాళ్లు, దాడుల పేర్లు నోటికి రావాలి. పక్క సీటు కుర్రాడు "అంకుల్, అంకీలో కార్డులు చేసుకోండి" అని నా ఫోనులో ఆ యాప్ వేసిచ్చాడు. కార్డుల సంగతి తరవాత, ముందు ఆ 'అంకుల్' గుచ్చుకుంది.

పద్ధతి తేలికే. కార్డుకి ముందువైపు ప్రశ్న, వెనక జవాబు. గుర్తొస్తే Good నొక్కాలి. రేపు అడుగుతుంది, ఆపైన మూడు రోజులకి, వారానికి, మూడు వారాలకి, ఇలా ఎడం పెంచుకుంటూ పోతుంది. గుర్తు రాకపోతే Again నొక్కాలి, కథ మళ్లీ మొదటికొస్తుంది. మనం సరిగ్గా మర్చిపోబోతున్నామనగా గుమ్మంలో నిలబడటమే దీని కిటుకు. అప్పిచ్చిన షావుకారుకి తప్ప ఈ విద్య ఇంకెవరికీ తెలియదనుకునేవాణ్ణి.

22 అంటే ఎస్ఎస్‌హెచ్, 53 అంటే డీఎన్ఎస్, 443 అంటే హెచ్‌టీటీపీఎస్. ఇవి బుద్ధిమంతులు, రెండు రోజుల్లో లొంగాయి. లొంగనిది 995. అది పాప్ త్రీ మెయిలుకి భద్రమైన పోర్టు. నేను 993 అనేవాణ్ణి. అది ఐమ్యాప్‌ది. ఎనిమిదోసారి తప్పాక యాప్ ఆ కార్డుకి leech అని ట్యాగు తగిలించి పక్కన పెట్టేసింది. లీచ్ అంటే జలగ. రక్తం తాగుతోంది గానీ తలకెక్కట్లేదని దాని భావం.

పంతం పట్టి కార్డు కొత్తగా టైపు చేశాను. ఆశ్చర్యం! మర్నాటి నుంచి చూడగానే 995. మూడు వారాలు ఒక్క Again లేదు. ఓ రోజు చూస్తే ప్రశ్నలో encrypted బదులు encyrpted అని కొట్టి ఉంది. అచ్చుతప్పే కదా అని దిద్దాను. ఆ సాయంత్రమే 995 మాయం. ఇన్నాళ్లూ నేను బట్టీ పట్టింది పోర్టుని కాదు, తప్పుని.

అప్పుడు కాగితం తీసుకుని నాలుగు నంబర్లూ పక్కపక్కన రాశాను. భద్రత లేని పాత పోర్టుల్లో పాప్ త్రీ 110, ఐమ్యాప్ 143. అంటే పాప్‌ది చిన్నది. భద్రమైన వాటిలో వరస తిరగబడింది. ఐమ్యాప్ 993, పాప్ 995. తికమకంతా ఇక్కడుంది. విడివిడి కార్డులు ఎన్నిసార్లు తిప్పినా ఈ తిరకాసు కనబడదు. కవలల్ని వేరువేరు గదుల్లో చూస్తే ఎవరెవరో ఎలా తెలుస్తుంది? రెంటినీ ఒకే కార్డు మీదికి ఎక్కించి, ఓనమాల్ని ఆశ్రయించాను. 'ఐ' అచ్చు, ముందొస్తుంది, దానికి 993. 'ప' హల్లు, తరవాతొస్తుంది, దానికి 995. తాళం వేసినవాటికే ఓనమాల వరస, వేయనివాటికి ఎదురు వరస. ఆ జలగ మళ్లీ కరవలేదు.

దాడుల పేర్ల దగ్గర తప్పు ఇంకోరకం. 'విషింగ్ అంటే?' అని ముందు, 'ఫోనులో మాట్లాడి చేసే మోసం' అని వెనక రాసుకున్నాను. దడదడా చెప్పేవాణ్ణి. నమూనా పరీక్షలోనేమో పేరు అడగరు, కథ చెప్పి ఇదేమిటంటారు. నా కార్డులకి వెళ్లే దారే గానీ వచ్చే దారి లేదు. సరే, ఇక కథలే కార్డుకి ముందువైపు రాయాలనుకుంటుండగా అత్తగారు ఫోను చేశారు.

"బాబూ, బిల్లు కట్టలేదు, రాత్రికి కరెంటు కట్ చేస్తామని మెసేజి వచ్చింది. అందులో నంబరుకి ఫోను చేశాను. ఎవరో అబ్బాయి, చాలా మర్యాదగా మాట్లాడుతున్నాడు."

నా ప్రాణం లేచొచ్చింది. "మెసేజితో మొదలైందా అత్తయ్యా? అయితే స్మిషింగ్. కానీ అసలు మోసం ఫోనులో జరుగుతోంది కనక విషింగ్. ముందు మెసేజి, తరవాత మీరే చేశారు... ఒక్క నిమిషం, రెండూ అనొచ్చా..."

"పేరు బారసాల నాడు పెట్టుకుందాం బాబూ," అన్నారావిడ. "ఆ అబ్బాయి రెండో ఫోనులో లైన్లోనే ఉన్నాడు. ఓటీపీ చెప్పమంటావా, వద్దంటావా?"