మా రోజుల్లో బెంగను బెంగే అనేవారు

మా రోజుల్లో గోడల మీద మొహాల బొమ్మలు లేవు. ఇంట్లో మాటలుండేవి. అడిగింది కొనివ్వలేదని మూతి ముడుచుకుంటే పిల్ల అలిగిందనేవారు. పదిమందిలో కసిరితే చిన్నబుచ్చుకుందనేవారు. అమ్మ ఊరెళితే బెంగపెట్టుకుందనేవారు. ఆటలో ఓడిపోయి ఏడ్చేవాడికి ఉక్రోషం వచ్చిందనేవారు. తన గురించి పెద్దలు అలా అనుకుంటుంటే వింటూ మూడేళ్ళ పిల్ల తన లోపల ఏమవుతోందో తెలుసుకునేది.

ఇప్పుడు మా మనవరాలి నర్సరీ గోడ మీద పచ్చటి గుండ్రటి మొహాలున్నాయి. కింద హ్యాపీ, శాడ్, యాంగ్రీ అని రాసుంది. పొద్దున్నే లోపలికి వెళ్తూ ఏదో ఒక మొహం మీద వేలు పెట్టాలి. మా పిల్ల రోజూ హ్యాపీ మీదే పెడుతుంది. పెడితే టీచరమ్మ ‘వెరీ గుడ్’ అంటుంది మరి. నాన్న ఊరెళ్ళాడని రాత్రంతా ఏడ్చి వెళ్ళిన రోజు కూడా హ్యాపీయే!

చార్టు మీద నాకు కోపం లేదు. దాన్ని అతికించి పని అయిపోయిందనుకుంటున్నారే, దాని మీదే నా కోపం. నేను అంగన్‌వాడీలో ఈ వయసు పిల్లల మధ్యే పనిచేశాను. మూడేళ్ళ వాళ్ళకు సంతోషం, ఏడుపు, కోపం, భయం, ఈ నాలుగూ చాలు మొదట. అవి నోటికి వచ్చాక అలక, బెంగ, సిగ్గు చేర్చుకోవచ్చు. పిల్ల ఏ మొహం చూపించినా ఒకే గొంతుతో ‘అలాగా, బెంగగా ఉందా?’ అనాలి. ఒక్క మొహానికే మెప్పు దక్కితే పిల్ల దాన్నే చూపిస్తుంది. వారాల తరబడి ఒకే బొమ్మ మీద వేలు పడుతోందంటే ఆ చార్టు పనిచేయడం లేదన్నమాట.

ఇక శాంతపడటం సంగతి. అమెరికాలో 1970లలో ఆర్థర్ రాబిన్, మార్లీన్ ష్నైడర్ అనేవాళ్ళు తాబేలు పద్ధతి ఒకటి తయారుచేశారు. తర్వాత దాన్ని బడి ఈడు రాని చిన్నపిల్లలకూ అనువుగా మార్చుకున్నారు. కోపం వచ్చిందని గుర్తుపట్టాలి, చేతులూ కాళ్ళూ ఆపాలి, తాబేలులా ముడుచుకుని మూడుసార్లు నిదానంగా ఊపిరి తీసుకోవాలి, తేరుకున్నాక బయటికొచ్చి ఏం చేయాలో ఆలోచించాలి. మంచి పద్ధతే. కానీ పిల్ల నేల మీద పడి దొర్లుతుంటే అప్పుడు ‘తాబేలు చెయ్యి, తాబేలు చెయ్యి’ అని అరుస్తారు! ఆ క్షణంలో ఆ బుర్రకు ఏ మాటా ఎక్కదు. పక్కన కూర్చుని, కొట్టకుండా కొరకకుండా చేయి అడ్డం పెట్టి, తక్కువ గొంతుతో ‘కోపమొచ్చింది, నేనిక్కడే ఉన్నా’ అంటే చాలు.

నేర్పాల్సింది పిల్ల కడుపునిండా తిని హాయిగా ఉన్నప్పుడు. మా మనవరాలు పేర్చుకున్న చెక్కముక్కల మేడను తమ్ముడు తోసేస్తే వాడి చేయి కొరికేసేది. అందుకని సాయంత్రాలు ఆటలాగా ఇద్దరం తాబేళ్ళమయ్యేవాళ్ళం. అంతకన్నా పనికొచ్చింది పొయ్యి దగ్గర జరిగింది. పాలు పొంగిపోతే దానికి వినబడేలా ‘అబ్బ, నాకు చిరాగ్గా ఉంది, కాస్త ఊపిరి తీసుకుంటా’ అన్నాను. స్టవ్ కట్టేసి, ఊపిరి తీసుకుని, గుడ్డ తెచ్చి తుడిచాను. ఇలా చాలాసార్లు చూశాకే, ఒకరోజు తమ్ముడు మేడ కూల్చగానే నోరు తెరిచింది, ఆగింది, చేతులు గుండెకేసి ముడుచుకుని ‘అమ్మమ్మా, నాకు ఉక్రోషమొస్తోంది’ అంది. మర్నాడు మళ్ళీ కొరికింది. అది మామూలే. కోపం రావడం తప్పు కాదు, కొరకడం కుదరదు అని ఆ పూటా చెప్పాను. ఈ రెండు ముక్కలూ విడదీయకూడదు.

మా కాలంలోనూ బూచాడికి పట్టిస్తామని నోరు మూయించిన ఇళ్ళున్నాయి. ఆ పిల్లలకు భయం తెలిసింది గానీ శాంతపడటం తెలియలేదు. ఇప్పటి ఇళ్ళలో బూచాడి బదులు ఫోను ఇస్తున్నారు. ఏడుపు ఆగుతుంది, ఆ ఏడుపు ఏమిటో పిల్లకు తెలియకుండానే. ఇంకొందరు శాంతి మూల అని దిండూ బొమ్మలూ పెట్టి, అల్లరి చేసిన పిల్లను ‘పో అక్కడికి’ అని గెంటుతారు. శిక్షకు వాడిన మూలకు పిల్ల తనంతట తాను ఎందుకు వెళ్తుంది?

నర్సరీలో చేర్పించబోయే అమ్మానాన్నలకు ఒక మాట. చార్టు ఎంత రంగురంగులుగా ఉందో చూడకండి. మీకు కోపమొచ్చిన రోజు ఆ చార్టు మీద పిల్లల ముందు వేలు పెడతారా అని టీచరమ్మనే అడగండి. అడిగి వచ్చాక ఇంట్లో మీరూ పెట్టండి.