చూసిపోయే పాపాత్ములు

షోలాపూర్ అశోక్ చౌక్ చుట్టుపక్కల మన పద్మశాలీ వాడల్లో కృతఘ్నులు పెరిగిపోయారట. మార్కండేయ రథోత్సవం వీడియో ఆసాంతం చూస్తారు, రథం ముందు మనవాడు గంతులేస్తున్నాడని చుట్టాలకు పంపుతారు, సబ్‌స్క్రైబ్ బటన్ మాత్రం నొక్కరు. యూట్యూబ్ ఛానల్ నడిపే అన్నల శోకం ఇది.

అలాంటి అన్న ఒకడు అసలైన షోలాపూర్ చద్దర్‌ను గుర్తుపట్టడం ఎలాగో చెబుతూ వీడియో పెట్టాడనుకోండి. భౌగోళిక గుర్తింపు ఉన్న సరుకు, నకిలీల భయం ఉంది, కాబట్టి జనం వెతుక్కుంటూ వస్తారు. రాగానే లైక్ చేయండి, షేర్ చేయండి, గంట కొట్టండి అని అర నిమిషం ప్రాధేయపడతాడు. చద్దర్ మడత ఇంకా విప్పనే లేదు. పైగా చూసేవాడు పవర్‌లూమ్ షెడ్డులో నిలబడి ఉన్నాడు. ఆ చప్పుడులో పక్కవాడి కేకే వినబడదు, అన్న విన్నపం ఏం వినబడుతుంది? అదే మాట తెరమీద అక్షరాల్లో వేయాలని అన్నకు తోచదు.

జవాబు దొరికినవాడు ఎలాగూ వెళ్ళిపోతాడు. నచ్చితే తర్వాతి వీడియోను యూట్యూబే హోమ్ పేజీలో తెచ్చి పెడుతుంది. బటన్ నొక్కాల్సిన అవసరమే అతనికి కనబడదు. రాబోయే వీడియో మీద ఆశ పుట్టినవాడే నొక్కుతాడు. ఆ ఆశతో ఒకడు ఛానల్ పేజీ తెరిచాడే అనుకుందాం. పైన నల్లకళ్ళద్దాల అన్న, పక్కన "మీ ప్రేమే మా బలం". కింద ఒక చద్దర్, బావమరిది బరాత్, పెట్రోలు ధర, మనవరాలి పుట్టినరోజు. రేపు ఏం వస్తుందో బ్రహ్మకూ తెలియదు. సబ్‌స్క్రైబ్ చేయనివారికి ప్రత్యేకంగా ఒక పరిచయ వీడియో చూపించే చోటు యూట్యూబ్ ఇచ్చింది. అది ఖాళీ.

అసలు కథ లిపి దగ్గరుంది. ఇక్కడ ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. అన్న మాట అందరికీ అర్థమవుతుంది, అన్న పేజీలోని తెలుగు రాత మాత్రం చాలామందికి జకార్డు డిజైన్‌లా కనిపిస్తుంది. ఏ వారం ఏం వస్తుందో మరాఠీలో రెండు ముక్కలు రాస్తే మన భాషకేం తక్కువ కాదు.

వీడియో చివర 5 నుంచి 20 సెకన్ల దాకా బటన్‌నూ, మరో వీడియోనూ తెరమీద నిలబెట్టవచ్చు. "వచ్చే ఆదివారం టవల్ నాణ్యం చూపిస్తా" అని అక్కడ చెబితే బటన్ నొక్కమని అడగడానికి ఒక కారణమైనా ఉంటుంది. అన్న మాత్రం అక్కడ నల్లతెర మీద పాట వేస్తాడు.

ఏ వీడియో ఎంతమంది సబ్‌స్క్రైబర్లను తెచ్చిందో యూట్యూబ్ స్టూడియోలో కనిపిస్తుంది. అన్న ఆ లెక్క తెరవడు. ప్రకటనల డబ్బుకు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు కావాలని విన్నాడు, మామూలు వీడియోలతోనైతే ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కూడా కావాలన్నది వినలేదు. పెళ్ళిళ్ళలో చుట్టాల ఫోన్లు లాక్కుని తనే నొక్కేస్తున్నాడు. ఇప్పుడాయనకు చూసి నొక్కనివాళ్ళతో పాటు నొక్కి చూడనివాళ్ళూ తయారయ్యారు.