మంచుకొండ మీద అమ్మమ్మ, మూలన చిన్నక్షరాలు

ఎన్నడూ కాలుపెట్టని దేశంలో మనిషిని నిలబెట్టి, ఆ బొమ్మను పండగ గ్రీటింగ్ కార్డుగా అచ్చువేసే విద్యను స్టూడియోల్లో మిక్సింగ్ అంటారు. దీనికి పాస్‌పోర్టు అక్కర్లేదు, స్వెట్టర్ అక్కర్లేదు. వెళ్లే మనిషిని అడగనక్కర్లేదని కూడా చాలా కుటుంబాలు గట్టిగా నమ్ముతాయి.

కంప్యూటర్ రాకముందు ఈ పని స్టూడియో తెర చేసేది. గుడ్డ మీద రంగులతో తాజ్‌మహలో, జలపాతమో, మెలికలు తిరిగిన మెట్ల మేడో వేసి ఉండేది. ముందు ఒక కుర్చీ, పక్కన ప్లాస్టిక్ పూలకుండీ. ఆ తెరకు ఒక సుగుణం ఉంది: దానికి అబద్ధమాడటం చేతకాదు. జలపాతం నడుమ అడ్డంగా ఒక మడత కనిపించేది. తాజ్‌మహల్ పునాది దిగీదిగకముందే స్టూడియో గచ్చు మొదలయ్యేది. అందుకే ఆ ఫొటో గోడకు తగిలించినవాళ్లను ఆగ్రా ఎప్పుడు వెళ్లొచ్చారని ఎవరూ అడగలేదు. మడతే ఆ బొమ్మకు లేబుల్. కంప్యూటర్ వచ్చి చేసిన పనల్లా ఆ మడతను ఇస్త్రీ చేయడం. కాబట్టి మిక్సింగ్ ఎంత బాగా కుదిరితే లేబుల్ అంత పెద్దదిగా ఉండాలి. లోకంలో జరిగేది దీనికి తలకిందులు. బాగా కుదిరిన కార్డు మీద లేబుల్ ఉండదు. కుదరని కార్డుకు దాని అవసరమే లేదు.

పెద్దలూ ఈ పనికి అతీతులు కారు. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1982 ఫిబ్రవరి సంచికలో, నిలువు ముఖచిత్రంలో పట్టడం కోసం గిజా పిరమిడ్లను కంప్యూటర్‌తో దగ్గరికి జరిపింది. వేల ఏళ్లుగా కదలని రాళ్లను ముఖచిత్రం కొలత కదిలించింది. 2014లో నెదర్లాండ్స్‌లో ఒక విద్యార్థిని చదువులో భాగంగా దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. ఆగ్నేయాసియా యాత్రలో ఉన్నానంటూ కొన్ని వారాలపాటు సొంతవాళ్లకే ఫొటోలు పంపింది. ఉన్నది మాత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లోనే. చివర్లో నిజం చెప్పింది కనుక అది చదువు అనిపించుకుంది; చెప్పకపోతే దాని పేరు వేరు.

విద్య ఎలా సాగుతుందో తెలియాలంటే ఒక కార్డును మొదటినుంచీ చూడాలి. రాజమండ్రిలో అయిదడుగుల ఎత్తున్న ఒక అమ్మమ్మ ఉందనుకుందాం. సంక్రాంతి కార్డు కోసం ఆమెను స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రౌయోక్ చేర్చాలి. సముద్రమట్టానికి 3,454 మీటర్ల ఎత్తున, 1912 నుంచి రైలు వెళ్తున్న చోటు అది. పర్యటకులు మంచు మీద జెండా పక్కన నిలబడి ఫొటో దిగడం అక్కడి ఆచారం. తెలుగు సినిమా పాటల పుణ్యమా అని ఈ మంచు మన ప్రేక్షకులకు పెరటితో సమానం. అక్కడ పలచటి చీరలో నాట్యం చేయవచ్చునన్న నమ్మకం కూడా అలా వచ్చిందే.

మొదట తేలాల్సింది అమ్మమ్మ ఎంత పెద్దగా ఉండాలన్నది. డిజైనర్ సాధారణంగా దీన్ని భక్తితో తేలుస్తాడు, అంటే కార్డు డబ్బు ఎవరిస్తే వాళ్లు పెద్దగా ఉంటారు. ఫొటో మాత్రం దీనికి వేరే లెక్క పెట్టుకుంది. తీసినవాడు నిలబడి, కెమెరాను కంటి ఎత్తున పట్టుకుని తీస్తే, చదునైన నేల మీద దగ్గరున్నవాళ్ల కళ్లూ దూరాన ఉన్నవాళ్ల కళ్లూ దాదాపు ఒకే అడ్డగీత మీదికి వస్తాయి. పాదాలే ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఎంపిక చేసిన మంచు ఫొటోలో పర్యటకుల కళ్ల మీదుగా ఒక గీత గీస్తే అదే కెమెరా ఎత్తు, సుమారు అయిదుంపావు అడుగులు. అయిదడుగుల అమ్మమ్మను ఎక్కడ నిలబెట్టినా ఆ గీత ఆమె నడినెత్తికి బెత్తెడు పైనుంచే పోవాలి. పాదాలు మంచు మీద ఆనుతూ ఆ గీత ఆమె గుండెల మీదుగా పోయిందంటే ఆమె ఎత్తు ఏడడుగులన్నమాట. ఆ తర్వాత శుభాకాంక్షలు ఎవరివన్న అనుమానం రావడం సహజం.

స్టూడియోలో ఫొటో తీసేటప్పుడు కూడా కెమెరా అదే అయిదుంపావు అడుగుల ఎత్తున ఉండాలి. నిలువెత్తు ఫొటోకు ట్రైపాడ్‌ను నడుము ఎత్తుకు దించడం అక్కడి అలవాటు. అలా తీస్తే పాదాలు పక్కనుంచి కనిపిస్తాయి, మంచు మాత్రం పైనుంచి కనిపిస్తుంది. ఏ కంప్యూటరూ దీన్ని పూర్తిగా సర్దలేదు. అమ్మమ్మ జారుడుబల్ల మీద నిలబడ్డట్టు ఉంటుంది.

రెండోది ఎండ. డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు యుంగ్‌ఫ్రౌయోక్‌లో సుమారు 20 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. అయిదడుగుల మనిషి నీడ అక్కడ దాదాపు పద్నాలుగడుగులు పరుచుకుంటుంది. అదే రోజు అదే వేళకు రాజమండ్రిలో ఆ నీడ నాలుగడుగుల చిల్లర. స్టూడియో డిజైనర్ మాత్రం ఏ దేశానికైనా ఒక్కటే నీడ వాడతాడు: డ్రాప్ షాడో అని రెడీమేడ్‌గా దొరికేది, మనిషి వెనకాల మెత్తగా మసకగా పడేది. గోడకు అంటించిన కాగితానికి పడే నీడ అది. దాన్ని పెడితే అమ్మమ్మ ఆల్ప్స్ మీద నిలబడదు, ఆల్ప్స్ క్యాలెండర్‌కు అంటుకుంటుంది. సరైన పద్ధతి, ఫొటోలో పక్కనున్న పర్యటకుడి నీడ ఏ దిక్కుకు, ఎంత పొడవున, ఏ రంగులో ఉందో చూసి అలాగే వేయడం. ఎండ కాచే మంచు మీద నీడ నల్లగా ఉండదు; పైన ఆకాశపు వెలుగు పడి నీలంగా ఉంటుంది. పాదం నేలను తాకే చోట మాత్రం సన్నటి ముదురు గీత ఉండాలి. అది లేకపోతే మనిషి గాలిలో తేలుతుంది.

అన్నిటికన్నా తరచుగా దొరికిపోయేది గడ్డం. కొత్త మంచు తన మీద పడ్డ వెలుగులో 80 నుంచి 90 శాతం వెనక్కి కొడుతుంది. కనుక మంచు మీద నిలబడ్డవాళ్ల గడ్డం కింద, ముక్కు కింద కూడా వెలుగు ఉంటుంది. స్టూడియోలో గొడుగు లైటు పైనుంచి పడుతుంది, గడ్డం కింద చీకటి. మంచులో నిలబడి మెడ కింద మాత్రం పెళ్లి మండపపు నీడ మోసే మనిషి ఎక్కడా ఉండదు. దీనికి మందు చవకది: ఫొటో తీసేటప్పుడు అమ్మమ్మ కాళ్ల ముందు రెండు తెల్ల థర్మకోల్ అట్టలు పరిస్తే చాలు. తర్వాత కంప్యూటర్ ముందు గంటలు కూర్చున్నా ఆ వెలుగు అంత బాగా రాదు.

ఇక కటింగ్. వెనకాల ఆకుపచ్చ గుడ్డ కట్టి ఫొటో తీస్తారు, కంప్యూటర్ ఆ పచ్చదనాన్ని తీసేస్తుంది. అమ్మమ్మ పండక్కి ఆకుపచ్చ అంచు చీర కట్టుకుని వస్తే అంచు కూడా పోతుంది, పమిట లోంచి హిమానీనదం కనిపిస్తుంది. చీరను బట్టి గుడ్డ మార్చాలి గానీ, గుడ్డను బట్టి చీర మార్చుకోమని అడిగే ధైర్యం ఏ ఫొటోగ్రాఫరూ చేయడు. పచ్చగుడ్డకు మరీ దగ్గరగా నిల్చుంటే ముగ్గుబుట్ట జుట్టు అంచున ఆకుపచ్చ ఛాయ అంటుకుంటుంది. నాలుగైదు అడుగులు ముందుకు జరిపితే సరిపోతుంది. కాళ్లకు హవాయి చెప్పులున్నాయా అన్నది ఫొటో తీసేముందే చూడాలి. యుంగ్‌ఫ్రౌయోక్ జూలైలోనూ సున్నా డిగ్రీల చుట్టూ తిరిగే చోటు.

ఇంతా చేశాక లేబుల్. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ప్రకటనల ఫొటోల్లో మోడల్ ఒంటిని సన్నగానో లావుగానో దిద్దితే ఆ మాట ఫొటో మీద రాయాలన్న చట్టం ఉంది. నార్వే 2022లో అలాంటిదే తెచ్చింది. అంటే నడుమును రెండంగుళాలు జరిపితే చెప్పాలి, మనిషిని ఏడువేల కిలోమీటర్లు జరిపితే ఈ చట్టాలకు పట్టదు. గ్రీటింగ్ కార్డును అవి ఊహించనేలేదు. కార్డు వేసేవాళ్లే ఊహించుకోవాలి.

సాధారణంగా కనిపించే లేబుల్‌కు మూడు రూపాలున్నాయి. ఒకటి, కార్డు వెనకాల ప్రింటింగ్ ప్రెస్ పేరు కింద చీమ తల అక్షరాల్లో ఉండేది. రెండు, ముందువైపే తెల్లటి మంచు మీద తెల్లటి అక్షరాల్లో ఉండేది. మూడు, ‘ఊహాచిత్రం’ అన్న ఒక్క మాట. ఇందులో ఏది ఊహ, అమ్మమ్మా, కొండా అన్నది చదివినవాళ్లు తేల్చుకోవాలి. మూడూ చట్టం ముందు నిలబడటానికి పనికొస్తాయేమో గానీ చుట్టాల ముందు నిలబడవు. ‘చలి ఎలా ఉంది పిన్నీ, చాక్లెట్లు తెచ్చావా’ అని ఫోన్ వచ్చినప్పుడు జవాబు చెప్పాల్సింది డిజైనర్ కాదు.

నిజాయితీగల లేబుల్ మూడు సంగతులు చెబుతుంది: ఇది కలిపిన బొమ్మ, మనిషి ఫొటో ఎక్కడ తీసింది, చోటు ఫొటో ఎక్కడిదీ ఎవరిదీ. మన కార్డు మీద అది ఇలా ఉంటే సరిపోతుంది: ‘రెండు ఫొటోలు కలిపి చేసిన బొమ్మ. అమ్మమ్మ: రాజమండ్రి స్టూడియో, డిసెంబరు. మంచు: యుంగ్‌ఫ్రౌయోక్, స్విట్జర్లాండ్. అమ్మమ్మ అక్కడికి వెళ్లలేదు.’ చివరి వాక్యం మొరటుగా ఉందని మొదట అందరూ తీసేయమంటారు. పనిచేసేది మాత్రం అదొక్కటే. దాని కింద మంచు ఫొటో తీసినవాళ్ల పేరు రావాలి. పైన పెద్దక్షరాల్లో ‘యుంగ్‌ఫ్రౌయోక్ నుంచి సంక్రాంతి శుభాకాంక్షలు’ అని వేసి కింద ఈ లేబుల్ పెడితే రెండూ కొట్టుకుంటాయి కనుక, శుభాకాంక్షలు రాజమండ్రి నుంచే పంపాలి.

మంచు ఫొటో ఎవరిదన్నది మర్యాద ఒక్కటే కాదు. గూగుల్‌లో దొరికింది కదా అని అనుమతి లేకుండా వాడితే కాపీరైటు ఉల్లంఘన కిందికి రావచ్చు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో పెట్టిన ఫొటోలను ఉచితంగా వాడుకోవచ్చు గానీ, తీసినవాళ్ల పేరు, లైసెన్సు, మార్పులు చేశామన్న మాట తప్పక చెప్పాలి. అంటే ఆ ఫొటో వాడితే నిజం చెప్పడం షరతుల్లోనే ఉంది. అందులో CC BY-SA రకమైతే ఇంకో మెలిక: దానితో చేసిన బొమ్మను జనంలోకి వదిలితే అదే లైసెన్సుతో వదలాలి. అప్పుడు అదే కార్డులోంచి అమ్మమ్మను కత్తిరించి వేరొకరు పారిస్‌లో నిలబెట్టినా కాపీరైటు పేరుతో అడ్డుపడటం కష్టం. లైసెన్సులో ND అని ఉన్న ఫొటోను ఇలా మార్చి పంచడానికే వీల్లేదు.

మిగిలింది లేబుల్ ఎక్కడ ఉండాలన్నది. ఫైలు లోపల వివరాల్లో రాసుకోవచ్చు గానీ వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అవి సాధారణంగా రాలిపోతాయి. కార్డు వెనకాల వేసింది షోకేసులో నిలబెట్టాక గోడకే కనిపిస్తుంది, ఫోన్‌లో ఫొటో తీసి పంపేవాళ్లు వెనక్కి తిప్పరు. బొమ్మ కింద విడిగా ఒక పట్టీగా వేస్తే స్టేటస్‌లో పెట్టే మొదటి మేనల్లుడే దాన్ని క్రాప్ చేస్తాడు. అందుకని లేబుల్ బొమ్మ లోపలే, ముందువైపే, నీలి నీడ పక్కన తెల్లటి మంచు మీద నల్లటి అక్షరాల్లో, కళ్లజోడు లేకుండా చదవగలిగే సైజులో, అమ్మమ్మ మోకాళ్లకూ పాదాలకూ మధ్య ఎత్తున ఉండాలి. దాన్ని కత్తిరించాలంటే ఆమె కాళ్లు కూడా కత్తిరించాల్సిందే.