హుక్కులే మిగిలాయి సార్!

సుల్తాన్ బజార్‌లో బ్లౌజు కుట్టడానికి ఇచ్చినవాళ్లకు రెండు ముహూర్తాలుంటాయి. పెళ్లి ముహూర్తం పురోహితుడు పెడతాడు, అది తప్పదు. డెలివరీ ముహూర్తం టైలర్ మాస్టర్ పెడతాడు, అది నిలవదు.

మా మేనకోడలి పెళ్లికని మా ఆవిడ ఒక షాపులో మగ్గం వర్క్ బ్లౌజుకు ఆర్డరిచ్చింది. కూలి 6,500, అడ్వాన్సు 3,000, బట్ట మాది, 900 రూపాయలు. పెళ్లికి పది రోజుల ముందే ఇస్తామని చీటీ మీద తేదీ వేశారు. "పెళ్లికే కదా మేడం, మాకు తెలీదా!" అని మాస్టర్ భరోసా కూడా ఇచ్చాడు. ఆ తేదీ దాటింది. ఫోన్ చేస్తే, "కటింగ్ అయిపోయింది మేడం, వర్క్‌కి వెళ్లింది" అన్నాడు.

అక్కడ దొరికిపోయాడు. మగ్గం వర్క్‌లో బట్టను ముందు కత్తిరించరు. కొలతలు గీసి, చట్రానికి బిగించి, జర్దోసీ, పూసలు కుట్టాకే కత్తెర పడుతుంది. వర్క్ కాకుండా కటింగ్ అయిందంటే మన బట్ట ఇంకా మనమిచ్చిన సంచిలోనే ఉందని అర్థం. ఆర్డరు రద్దు చేసుకోవడానికి అదే అసలైన సమయం. అడ్వాన్సు, బట్ట రెండూ చెక్కుచెదరకుండా వెనక్కొస్తాయి. వర్క్ మొదలైందంటే బట్ట వాళ్ల దగ్గర తాకట్టులో ఉన్నట్టే. అందుకే ఆలస్యమైతే "ఎప్పుడిస్తారు?" అని కాదు, "ఎంతవరకు వచ్చిందో చూపించండి" అని అడగాలి.

మా ఆవిడ బట్ట వెనక్కి తెచ్చుకోలేదు. మాస్టర్ ఆమెను "అక్కా" అన్నాడు మరి. పెళ్లికి 1,800 పెట్టి రెడీమేడ్ బ్లౌజు కొన్నాం. పెళ్లయింది, పదహారు రోజుల పండగ కూడా అయింది. అప్పుడొచ్చింది ఫోన్: "రెడీ సార్!"

షాపులో నిలదీస్తే మాస్టర్ పైకి చూపించాడు. "మన నెత్తి మీద మెట్రో 2017కే రావాలి సార్. 2020లో వచ్చింది. దాన్నెవరైనా అడిగారా?" వాదన గట్టిదే. కానీ మెట్రోకు నేను అడ్వాన్సు ఇవ్వలేదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ ఇలాంటి చోటే పనికొస్తుంది. గడువే ప్రాణమైన పనిలో గడువు తప్పితే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ఆలస్యంగానైనా సరుకు తీసుకోవచ్చు. కానీ తీసుకునేటప్పుడే "నష్టపరిహారం అడుగుతాను" అని చెప్పాలి. నోరు మూసుకుని సంచిలో పెట్టుకుంటే ఆ హక్కు పోయినట్టే.

లెక్క ఇలా తేలింది. బ్లౌజు వద్దంటే అడ్వాన్సు 3,000, బట్ట ఖరీదు 900 అడగొచ్చు. రెడీమేడ్‌కు పెట్టిన 1,800 మాత్రం అడగలేం. 6,500 అయ్యేచోట 1,800తో పని జరిగింది కాబట్టి అందులో నష్టం లేదు. బ్లౌజు తీసుకుంటే మాత్రం 6,500 కూడా కడతాం కాబట్టి, ఆ 1,800 ఆలస్యం వల్ల పడిన అదనపు ఖర్చే. దాన్ని బాకీలోంచి కోయమనడం న్యాయం. మా వదిన రెడీమేడ్ బ్లౌజు చూసి అన్న మాటలకు కూడా ధర కట్టమంది మా ఆవిడ. అది ఈ లెక్కలోకి రాదు.

దర్జీ కూడా ఒకసారి ఇలా బాధితుడయ్యాడు. 1898లో మద్రాసు హైకోర్టు తేల్చిన కేసది. ఆయన ఉత్సవంలో బట్టలు కుట్టి సంపాదిద్దామని కుట్టుమిషన్ను, బట్టల మూటను రైల్లో పంపాడు. ఉత్సవం అయ్యాక అవి చేరాయి. లాభం పోయిందని దావా వేస్తే, ఉత్సవం సంగతి రైల్వేకు ముందు చెప్పలేదు కాబట్టి ఆ నష్టం ఇప్పించలేమంది కోర్టు. దర్జీలందరూ ఆనాటి కసి మన మీద తీర్చుకుంటున్నారేమో!

మాస్టర్‌తో కాదని షాపు యజమానికి వాట్సాప్‌లో లెక్క రాసి, వారం గడువిచ్చాను. దారికి రాకపోతే 1915కు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేస్తానన్నాను. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్లలోపు వెళ్లాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. అంతదాకా పోలేదు. బాకీ 3,500లో 1,800 తగ్గించి, 1,700 తీసుకుని బ్లౌజిచ్చారు. రెండు హుక్కులు ఇంకా లేవు.

కాబట్టి చీటీ మీద డెలివరీ తేదీ పక్కనే పెళ్లి తేదీ కూడా రాయించండి. కూలి మొత్తం మాత్రం ముందే ఇవ్వకండి, మిమ్మల్ని "అక్కా" అన్నా సరే.